రెండు దినాల ఖాళీ

ఉత్తరం సుమన రెండుసార్లు చదివింది. రెండోసారి విన్నాక, మొదటిసారి అర్థమైన కాస్తా హనుమమ్మకు లేకుండా పోయింది.

"మళ్ల చదువు బిడ్డా. గా ఖాళీ అన్నకాడ చదువు."

కోడలు గొంతు సవరించుకుంది. "'మా చిత్రములోని కొన్ని సన్నివేశములను తమ దుకాణములో రెండు రోజులపాటు చిత్రీకరించుటకు అనుమతించవలసినదిగా కోరుచున్నాము. సదరు దినములలో దుకాణమును ఖాళీగా మాకు అప్పగించినచో, చిత్రీకరణ ముగిసిన వెంటనే యథాస్థితిలో తిరిగి అప్పగించగలము. భవన యజమానితో ఇదివరకే మాట్లాడియున్నాము.' కింద నిర్మాత సంతకం పెట్టిండు. మన దుకాణంల సినిమా తీస్తరట అత్తమ్మా!"

సుమన ముఖం వెలిగిపోతోంది. హనుమమ్మ చెవిలో మాత్రం రెండే మాటలు తిరుగుతున్నాయి. ఖాళీ. భవన యజమాని.

హాలియాలో మార్కెటు వైపు పోయే రోడ్డు మీద ఆమెది ఒక మడిగె. తాళ్లు, కొడవళ్లు, పారలు, చేటలు, జల్లెడలు, వడ్లు ఆరబోసుకునే పట్టాలు అమ్ముతుంది. దుకాణం ఆమెది, గోడలు కృష్ణకాంత్‌వి. ఇరవై ఆరేళ్ల కింద కృష్ణకాంత్ తండ్రి ఎల్లయ్య, హనుమమ్మ భర్త జానయ్యకు ఆ మడిగెను నోటిమాట మీద కిరాయికిచ్చాడు. ఇచ్చినవాడూ పోయాడు, తీసుకున్నవాడూ పోయాడు. ఆ మాటకు ఇప్పుడు సాక్షి ఎవరంటే షట్టరే చెప్పాలి. కృష్ణకాంత్ మిర్యాలగూడలో ఉంటాడు. పాత మడిగెలు పడగొట్టి కాంప్లెక్స్ కట్టాలని రెండేళ్లుగా తిరుగుతున్నాడు. "పెద్దమ్మా, ఎప్పుడు ఖాళీ చేస్తవు?" అని వచ్చినప్పుడల్లా నవ్వుతూనే అడుగుతాడు. ఆ నవ్వే ఆమెకు నిద్రపట్టనివ్వదు.

హనుమమ్మను చూసి పాపం ఒంటరి ఆడమనిషి అని జాలిపడేవాళ్లున్నారు. ఆమె దగ్గర పార కొని ధర తగ్గించమని అడిగి చూసినవాళ్లెవరూ ఆ జట్టులో లేరు. అట్లాంటి మనిషి ఆ పూట కొడవలి అడిగిన రైతుకు జల్లెడ తీసిచ్చింది. సామాను ఒక్కసారి బయటికి పోతే మళ్లీ లోపలికి వస్తుందా? రెండు దినాలని చెప్పి, మూడో దినం షట్టరుకు కృష్ణకాంత్ తాళం వేస్తే, నేను ఇరవై ఆరేళ్లు ఇక్కడే కూర్చున్నానని ఎవరికి చూపించాలి? అసలు ఇది సినిమావాళ్లు రాసిన ఉత్తరమా, కృష్ణకాంత్ రాయించిందా?

పక్క మడిగె పరశురాంది. దస్తావేజులు రాస్తాడు, జిరాక్సులు తీస్తాడు, అడిగినా అడగకపోయినా సలహా ఇస్తాడు. ఉత్తరాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి చూశాడు.

"ఇయ్యకు వదినె. కబ్జా ఎవరి చేతిల ఉంటే కేసు వాళ్లది. ఒక్క దినం ఇడిసినా ఇడిసినట్టే."

"గట్లయితే వద్దంట."

"వద్దనకు. వద్దంటే కృష్ణకాంత్ నేనిస్తనని సంతకం పెడతడు. అప్పుడు నువ్వెవరు?"

"మరి ఏం జెయ్యమంటవు?"

"గదే నేను గూడ ఆలోచిస్తున్న" అన్నాడు పరశురాం, ఉత్తరం జిరాక్సు తీస్తూ.

మర్నాడు బాలకృష్ణ అనే ప్రొడక్షన్ మేనేజర్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ల కిందటి కథ అట. ఇంత పాత దుకాణం వాళ్లకు ఎక్కడా దొరకలేదట. ఆ మాట పొగడ్తో, ఎత్తిపొడుపో హనుమమ్మకు తేలలేదు.

"సారూ, ముందుగాల కృష్ణకాంత్ కాడికి ఎందుకు పోయినవు?"

"షాపు ఓనర్ ఎవరని రోడ్డు మీద అడిగానమ్మా. ఆయన నంబర్ ఇచ్చారు."

"సామాను ఖాళీ చెయ్యమని ఎవరు రాయించిండ్రు?"

బాలకృష్ణ తెల్లబోయాడు. "ఎవరూ రాయించలేదమ్మా. ఏ షాపుకైనా అదే లెటర్ పంపుతాం. ఖాళీ అంటే అంతా ఖాళీ కాదు. ప్లాస్టిక్ తాళ్లు, నీలం పట్టాలు తీసేస్తాం. మీ కొడవళ్లు, చేటలు ఉండాల్సిందే. వాటి కోసమే కదా వచ్చింది."

"రెండు దినాలేనా?"

"షూటింగ్ రెండు రోజులే. ముందు రోజు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి సర్దుకుంటారు. అయిపోయాక మళ్లీ ఎక్కడివక్కడ పెట్టడానికి ఇంకో పూట."

"గట్లయితే రెండు దినాలని ఎందుకు రాసినవు?"

సినిమావాళ్ల లెక్కలో కెమెరా తిరిగిన రోజే రోజు.

హనుమమ్మ షరతులు చెప్పింది. తీసిన సామాను పరశురాం వెనక గదిలోనే ఉండాలి, లారీ ఎక్కొద్దు. తాను గడప దిగదు.

"ఫ్రేములో పడతారమ్మా."

"ఆడ మూలకు సంచుల ఎనుక కూసుంట. మీ కెమెరా నన్ను చూడకపోతే నాకేం రంది లేదు."

బాలకృష్ణ ఒప్పుకున్నాడు. తనకూ ఒక షరతు ఉందన్నాడు. రోడ్డు మీద కెమెరా పెట్టడానికి పోలీసుల అనుమతి వేరే తెచ్చుకుంటారు. దుకాణం లోపలి మాటకు మాత్రం గోడల యజమానీ, దుకాణం నడిపే మనిషీ ఇద్దరూ సంతకం పెట్టాలి. లేకపోతే సగం షూటింగులో ఎవరో ఒకరు అడ్డం పడతారు, అందరి పనీ ఆగుతుంది.

కృష్ణకాంత్ ఆ సాయంత్రమే కారేసుకొని వచ్చాడు. ఒప్పందంలో పేరు కింద 'భవన యజమాని' అని తనకు, 'కిరాయిదారు' అని హనుమమ్మకు రాసి ఉంది. ఫోన్ మాట్లాడుతూనే సంతకం పెట్టేశాడు. "హీరో ఎన్నింటికి వస్తడు? మావోళ్లను తోలుకొస్త" అన్నాడు బాలకృష్ణతో.

హనుమమ్మ కలం పట్టుకొని ఆగిపోయింది. కొట్లాడితే బాగుండేది. ఇంత తేలిగ్గా పెట్టాడంటే ఏదో ఉంది.

"పెట్టు పెద్దమ్మా, రెండు దినాలే గదా" అన్నాడు కృష్ణకాంత్, మళ్లీ అదే నవ్వు.

పెట్టింది. పెట్టాక ఎందుకు పెట్టానా అనుకుంది. పరశురాం చెవిలో, "కిరాయిదారువని ఆయనే ఒప్పుకున్నడు వదినె, మంచిదే" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "మంచిదే అనుకుంట" అన్నాడు.

ఊళ్లోకి సినిమా వస్తే జనం పనులు మాని పరవశించిపోతారని పేపర్లు రాస్తుంటాయి. హాలియాలో ఎక్కువమంది అడిగింది ఆటోలు ఎటునుంచి మళ్లిస్తారని. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పిల్లలు దుకాణం నలుమూలలా ఫొటోలు తీసుకొని, ప్లాస్టిక్ సామాను పరశురాం గదికి మోశారు. జనుము తాళ్ల చుట్టలు తెచ్చి వేలాడదీశారు. గోడకు మట్టి రంగు పూసి, కొత్తగా పాతబడేలా చేశారు. కొత్తగా పెట్టిననాటి దుకాణం హనుమమ్మ కళ్ల ముందుకొచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియక, సంచుల వెనక తన మూల ఊడ్చుకుంది.

మొదటి రోజంతా ఒకే పని. హీరో వస్తాడు, తాడు అడుగుతాడు, దుకాణదారు వేషం వేసినాయన తాడు ఇస్తాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ అడుగుతాడు. ఆ తాడు బర్రెను కట్టడానికి పనికిరాదు, సన్నది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఎవరో "సైలెన్స్!" అని అరిచారు.

పొద్దుగూకే వేళ ఆ రోజుకు పని అయిపోయిందని అందర్నీ బయటికి రమ్మన్నారు. ఇక కెమెరా తిరగదు గదా అని హనుమమ్మా గడప దిగింది. టీ తాగి వచ్చేసరికి షట్టరు దించి ఉంది. ఎడమవైపు కొక్కేనికి ఇత్తడి తాళం. ఆమెది కాదు. దాని పక్కన కృష్ణకాంత్ చుట్టాలతో ఫొటోలు దిగుతున్నాడు.

హనుమమ్మ పోయి షట్టరుకు ఆనుకొని మెట్టు మీద కూర్చుంది.

"కృష్ణకాంతూ, తాళం నీదేనా?"

"ఏం తాళం పెద్దమ్మా?"

"సినిమా పేరు జెప్పి నన్ను ఎల్లగొడుతున్నవా? మీ నాయిన ఉంటే గిట్ల చేస్తుండెనా?"

"అయ్యో, నాకేం తెల్వదు! అరే, ఎవరేసిండ్రు రా గీ తాళం?"

బాలకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. తాళం వాళ్లదే. రేపటి షాటుకు లోపల ప్రతిదీ ఇవాళ ఉన్నచోటే ఉండాలట. ఒక చేట జరిగినా తెరమీద తెలిసిపోతుందట. అందుకని ఏ లొకేషన్‌లోనైనా సాయంత్రం తాళం వేసుకుంటారట. "మీకు ముందే చెప్పాల్సిందమ్మా. తప్పు నాదే."

హనుమమ్మ నమ్మిందో లేదో ఆమెకే తెలియదు. రొండిన దోపుకున్న తన తాళం తీసి, కుడివైపు కొక్కేనికి వేసింది. "మీరు తియ్యాలంటే నేను రావాలె, నేను తియ్యాలంటే మీరు రావాలె" అంది. మర్నాడు పొద్దున యూనిట్ మొత్తం ఆమె కోసం రోడ్డు మీద నిలబడి చూసింది. ఆమె రోజూ వచ్చే వేళకే వచ్చింది.

రెండో రోజు సాయంత్రానికి షూటింగ్ అయిపోయింది. తెల్లారి ఆర్ట్ పిల్లలు ఫోనులో ఫొటోలు చూసుకుంటూ ఎక్కడివక్కడ పెట్టారు. నీలం పట్టాలు నీలం పట్టాల చోటికి, ప్లాస్టిక్ తాళ్లు కొక్కేలకు. ఒక్క కొడవలి తగ్గలేదు. ఇత్తడి తాళం వాళ్లే పట్టుకుపోయారు.

అంతా సవ్యంగా జరగడం హనుమమ్మను ఇంకా కలవరపెట్టింది. ఇన్ని దినాలు భయపడింది దేనికి? కృష్ణకాంత్ అంత మంచివాడా, లేక ఇంకో రోజు కోసం చూస్తున్నాడా?

సర్దడం చూడ్డానికి వచ్చిన కృష్ణకాంత్ వెళ్తూ వెళ్తూ మడిగె ముందు ఆగాడు. "చూసినవా పెద్దమ్మా, ఊకెనే పరేషానైతివి."

ఆమె లేచి కౌంటరు దగ్గరికొచ్చింది. "సినిమావోళ్లు రెండు దినాలుంటమంటే కాగితం మీద సంతకం పెట్టినవు. నేను ఇరవై ఆరేండ్లు ఉన్న. నాకొక్క కాగితం రాయవా?"

కృష్ణకాంత్ నవ్వు సగంలో ఆగింది. పరశురాం జిరాక్సు మిషను దగ్గర్నుంచి వచ్చి నిలబడ్డాడు. వెనక సుమన.

"రాస్త" అన్నాడు కృష్ణకాంత్ చివరికి. "రాయవయ్యా పరశురాం, కిరాయి కాగితం."

పరశురాం స్టాంపు పేపరు తెచ్చి కౌంటరు మీద పరిచాడు. "ఎన్ని దినాలకు రాయాలె?"

హనుమమ్మ ఆ సంగతి ఎన్నడూ అనుకోలేదు. నోటిమాటకు గడువు లేదు మరి.

"అందరూ పదకొండు నెలలకే రాసుకుంటరు" అన్నాడు పరశురాం. "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చెయ్యాలె."

"పదకొండు నెలలు రాయి" అన్నాడు కృష్ణకాంత్ వెంటనే.

ఇరవై ఆరేళ్లు కాగితం లేకుండా ఉన్నది. ఇప్పుడు కాగితం వస్తే పదకొండు నెలలు. ఎక్కువైందా, తక్కువైందా? సుమన వైపు చూసింది, సుమన పరశురాం వైపు చూసింది, పరశురాం కలం మూత వైపు చూశాడు.

"మూడేండ్లు రాయి" అంది హనుమమ్మ. "రిజిస్ట్రేషన్ ఆఫీసుకు నేనే వస్త."

"అదంతా ఎందుకు పెద్దమ్మా? నేను కాంప్లెక్స్ కట్టుకోవాలె గదా."

"కట్టుకో. గా కాంప్లెక్సుల నాకో మడిగె ఇస్తనని గూడ రాయి."

కృష్ణకాంత్ గడ్డం గోక్కున్నాడు. కాదనలేదు, సరేననలేదు. "ఆలోచిస్త పెద్దమ్మా. నువ్వు గూడ పదకొండు నెలల సంగతి ఆలోచించు."

"చెప్త. నాకూ టైం కావాలె."

అతను కారు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఎప్పుడు చెప్తవు?"

ఎప్పుడు, ఎప్పుడు అని రెండేళ్లుగా అతను అడుగుతూనే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. హనుమమ్మ జవాబు వెతుక్కుంటుండగా ఒక రైతు వచ్చి పట్టాల ధర అడిగాడు.

"బేరమొచ్చింది, జర పక్కకు జరుగుండ్రి" అందామె ముగ్గురితోనూ. ఖాళీ స్టాంపు పేపరును పరశురాం చేతికిచ్చి, పట్టా మడత విప్పింది.