నోరు కట్టుకున్న అక్క

కొలతలక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, పెదాల మధ్య రెండు గుండుసూదులు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే నడుం ఎంతో, భుజం ఎంతో చూపుతోనే చెప్పేసేది. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళంటే మాత్రం ఆవిడకి ఒళ్ళుమంట. "గాలి వదలవయ్యా బాబూ! నేను కుట్టేది నీ పొట్టకి, నీ పరువుకి కాదు" అని ముఖం మీదే అనేసేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ పెద్దమనిషీ సిగ్గుపడుతూ గాలి వదిలేవాడు.

తనకి నలభై ఆరేళ్ళు, బరువు తొంభై రెండు కేజీలు. దాని గురించి ఏనాడూ బెంగపెట్టుకున్న మనిషి కాదు. గుడ్డ ఎంత కావాలో తెలుసు, కుట్టుకోవడం తెలుసు, ఇంకేం కావాలి? అలాంటి మనిషి బరువు కోసం అబద్ధాలాడే రోజు వచ్చిందంటే, అది తమ్ముడి కోసం.

తమ్ముడికి నలభై ఏళ్ళొచ్చి, నెత్తిన జుట్టంతా రాలిపోయినా ఆవిడకి వాడు చిన్నోడే. స్కూలు బస్సు నడిపేవాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున డయాలసిస్ కుర్చీలో కూర్చునే బతుకైంది. భార్య రక్తం గ్రూపు కలవలేదు. అక్కది కలిసింది. కలిసిందని తెలిసిన సాయంత్రం ముగ్గురూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

మర్నాడు కిడ్నీ డాక్టరు అసలు సంగతి చెప్పాడు. "మీ ఎత్తుకి ఎనభై కేజీలు దాటితే మేం కిడ్నీ తీసుకోమమ్మా. ఆపరేషన్ లో మీకూ ప్రమాదమే, ఆ తర్వాత మిగిలిన ఒక్క కిడ్నీ మీదా భారం పడుతుంది. పన్నెండు కేజీలు తగ్గి రండి."

పక్కగదిలో డైటీషియన్ ఉంటుంది. కళ్ళద్దాలు, చేతినిండా కాగితాలు, తొందరపడని మాట. "వారానికి అరకేజీ చాలమ్మా. ఆర్నెల్లు పడుతుంది. గుడ్లు, పప్పులు, పాలు మానకండి. రోజూ నడవండి, కాస్త బరువులెత్తండి. తిన్నదల్లా ఈ పుస్తకంలో రాయండి, పదిహేను రోజులకోసారి చూస్తాను" అంది.

ఆర్నెల్లా! డయాలసిస్ కోసం తమ్ముడి మెడలో దింపిన గొట్టం, కాళ్ళకి నీరు, నల్లబడిన ముఖం ఆవిడ కళ్ళముందే ఉన్నాయి. నిదానమే ప్రధానం అని అందరికీ చెప్పే మనిషే, ఆ రోజు మాత్రం ఆ మాట వినలేదు. ఇంటికెళ్ళి తన లెక్క తను వేసుకుంది. పొద్దున పంచదార లేని టీ, మధ్యాహ్నం ఒక ఉడికించిన గుడ్డు, దోసకాయ ముక్కలు, సాయంత్రం ఒక గిన్నెడు పల్చటి సూప్. అంతే. పుస్తకంలో మాత్రం డైటీషియన్ తినమన్నవన్నీ తిన్నట్టు పూసగుచ్చినట్టు రాసేది. అన్నం, పప్పు, పాలు, పండు, అన్నీ వేళ తప్పకుండా. ఆ రాతని చూస్తే ఎవరైనా మురిసిపోవాల్సిందే.

మొదటి వారంలోనే నాలుగు కేజీలు పోయాయి. అబ్బో, ఆవిడ సంబరం చూడాలి! ఎదుటింటి బేకరీవాడి తూకం మీదెక్కి, "చూశావా, పట్టుపడితే ఇలా ఉంటుంది" అని గొప్పలు పోయింది.

నాలుగో వారానికి ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుంది. దువ్వెన నిండా జుట్టు ఊడొచ్చేది. ఇదివరకు రోజంతా కత్తిరించే బల్ల దగ్గర నిలబడే మనిషి, ఇప్పుడు స్టూల్ మీంచి లేవడానికే విసుక్కునేది. సూదిలో దారం నాలుగైదు ప్రయత్నాలకి గానీ ఎక్కేది కాదు. తూకం మాత్రం దిగుతూనే ఉంది, కాబట్టి ఆవిడకి అన్నీ శుభశకునాలే.

డయాలసిస్ రోజుల్లో తమ్ముడి పక్కన కూర్చునేది. వాడికి రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే లెక్క. ఇద్దరినీ ఆసుపత్రి వాళ్ళు తూచేవాళ్ళే.

"నీకు ఆకలి, నాకు దాహం. మనిద్దర్నీ కలిపి పెళ్ళి విందుకి పంపాలే అక్కా" అనేవాడు వాడు.

"నాకేం ఆకలిరా, సుబ్బరంగా తింటున్నా."

"మరి నా చేతిలో బిస్కెట్ కేసి అలా చూస్తావేం?"

ఆవిడ ముఖం తిప్పుకునేది. నిజానికి ఆ రోజుల్లో ఆవిడకి తిండి తప్ప మరో ఆలోచన లేదు. కలలో కూడా రొట్టెలే.

డైటీషియన్ కి అనుమానం రాకపోలేదు. "ఇంత తొందరగా ఎలా తగ్గారమ్మా? ఇవన్నీ నిజంగా తింటున్నారా?" అని రెండుసార్లు అడిగింది. "అన్నీ తింటున్నా, ఇక్కడికి నడిచే వస్తున్నానమ్మా, ఒట్టు" అంది కొలతలక్క. నడిచి వచ్చిన మాట నిజమే. తక్కినదే అబద్ధం.

తొమ్మిది వారాలకి ఎనభై. ముల్లు అంకె మీద నిలబడగానే మరదలు ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. మిగతా పరీక్షలు చేశారు, మూడు వారాల్లో ఆపరేషన్ అన్నారు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు చూడండి. ఇంకా నాలుగు రోజులుందనగా తమ్ముడికి చలిజ్వరం. మెడలో గొట్టం దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. "ఇది పూర్తిగా తగ్గాకే ఆపరేషన్. మూడు నెలలు పట్టొచ్చు" అన్నాడు డాక్టరు.

కొలతలక్క డైటీషియన్ దగ్గరికి పరిగెత్తింది. మూడు నెలలు ఎనభై మీద ఎలా నిలబడాలి? డైటీషియన్ పాపం పుస్తకం తిరగేసి, "మీరిక తగ్గక్కర్లేదమ్మా. ఇందులో రాసినట్టే తింటూ ఉండండి, ఓ గుప్పెడు పెంచుకున్నా పర్వాలేదు" అంది. డైటీషియన్ చూసింది పుస్తకాన్ని, నమ్మింది పుస్తకాన్ని.

అప్పుడైనా కొలతలక్క నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు. తమ్ముడి ప్రాణం చేతిలో ఉన్నవాళ్ళ ముందు అబద్ధాలకోరుగా నిలబడటానికి భయపడింది. ఆ రోజు మొదటిసారి పుస్తకంలో ఉన్నట్టే తిన్నది. వారంలో రెండున్నర కేజీలు పెరిగింది! గుండె ఆగినంత పనైంది. మళ్ళీ మూడు రోజులు కడుపు మాడ్చుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం, కుడుతున్న ప్యాంటు మిషన్ మీదే వదిలేసి, బేకరీకెళ్ళి ఒక రొట్టె కొని, నిలబడ్డ చోటే మొత్తం తినేసింది. తింటూనే ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకోటి అడిగింది. బేకరీవాడు ఇచ్చాడు.

ఆ తర్వాత అదే తంతు. రెండు రోజుల పస్తు, మూడో రోజు రెండింతల తిండి. మూడు నెలలు తిరిగేసరికి తమ్ముడి రక్తం శుభ్రమైంది. అక్క బరువు తొంభై నాలుగు.

"ఇప్పుడు చెయ్యలేమమ్మా" అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండా.

ఆవిడ పక్కగదిలోకెళ్ళి తలుపేసి, పుస్తకం బల్ల మీద పెట్టింది. "ఇదంతా కాకమ్మ కథలమ్మా. టీ, గుడ్డు, సూప్, అంతే తిన్నా. జీవితమంతా ఊపిరి బిగబట్టిన వాళ్ళని తిట్టాను. మీ ముందు నేనే బిగబట్టాను. తిండిపోతుని. నా తమ్ముడికంటే నాకు రొట్టె ఎక్కువైంది."

డైటీషియన్ పుస్తకాన్ని పక్కకి జరిపింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"తిండిపోతు మాట మళ్ళీ అనకండి. మీరు తమ్ముడి కోసం మానేశారని మీ ఒంటికి తెలీదు. దానికి తెలిసింది ఒక్కటే, కరువొచ్చిందని. మొదట పోయింది సగానికి పైగా నీళ్ళే. అందుకే తినగానే వారంలో తిరిగొచ్చాయి. అది కొవ్వు కాదు, మీరు భయపడకుండా ఉండాల్సింది. తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరిగింది. ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంది. చలి, నీరసం, కూర్చుంటే లేవబుద్ధి కాకపోవడం, అన్నీ అదే. ఎనభైకి దిగినప్పుడు, ఆ బరువు మనిషికి మామూలుగా ఎంత కావాలో, మీకు అంతకన్నా తక్కువే సరిపోయింది."

"మరి ఆకలెందుకమ్మా అంత?"

"కొవ్వులోంచి మెదడుకి రోజూ ఒక కబురు వెళ్తుంది, నిల్వ ఉంది, కంగారుపడకు అని. ఆ కబురు తగ్గిపోయింది. పొట్టలోంచి ఆకలి కబురేమో పెరిగింది. అది ఒక వారంతో పోదు, నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే ఉంటుంది. నెమ్మదిగా తగ్గినా ఆకలి కొంత పెరుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ కండ నిలబడేది. తగ్గాక ఎలా నిలబెట్టాలో నేను పక్కనుండి చూసేదాన్ని. మీరు తినేదేంటో నాకు తెలిసుంటే, ఆ రోజు రాసినట్టే తినమని చెప్పేదాన్నే కాదు." డైటీషియన్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "నేను కూడా గట్టిగా అడగాల్సింది."

తమ్ముడికి కొలతలక్కే చెప్పింది, డయాలసిస్ కుర్చీ పక్కన. వాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి.

"నా కోసం పస్తులున్నావా? నీ కడుపు మాడ్చి తీసిన కిడ్నీ నాకెలా అరుగుతుందే?" అని, కాసేపాగి, "నాకు రెండ్రోజుల్లో మూడు కేజీలు నీరు తిరిగొస్తుంది. నన్నేమైనా అంటున్నావా? నిన్ను నువ్వెందుకు తిట్టుకుంటావు?" అన్నాడు. అక్క చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నిజంగా తిన్నది, నిజమే రాసింది. ఎక్కువ తిన్న రోజున ఎక్కువ తిన్నానని రాసింది. రెండు సీసాల్లో ఇసుక పోసి పొద్దునా సాయంత్రం ఎత్తింది. ఆకలి మాత్రం పోలేదు. భోంచేసి చెయ్యి కడుక్కున్న అరగంటకే మళ్ళీ వచ్చి కూర్చునేది. దాన్ని పక్కన పెట్టుకునే కుట్టుపని చేసింది. మూడు నెలలకి ఎనభై తొమ్మిది. "బాగా వెళ్తున్నాం" అంది డైటీషియన్. తమ్ముడు బొటనవేలెత్తి చూపించాడు.

ఆ తర్వాతి వారం, పొద్దున డయాలసిస్ కి బయల్దేరుతూ, చెప్పులు వేసుకోబోయి వాడు గుమ్మంలో కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. "ఇన్నాళ్ళు డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఇలా జరుగుతుందమ్మా" అన్నాడు డాక్టరు. ఈసారి తలెత్తే అన్నాడు.

సాగనంపి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. పక్కింటివాళ్ళు అన్నం వండి పంపారు. ఎవరికీ ముద్ద దిగలేదు. గోడకి ఆనుకుని కూర్చున్న కొలతలక్కకి ఆకలేసింది.

ఆకలి రుచెరుగదంటారు. సిగ్గూ ఎరుగదు, చావూ ఎరుగదు. పొట్టని రెండు చేతులతో నొక్కిపెట్టింది. పమిట నోట్లో కుక్కుకుంది. అయినా గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా కడుపు అరిచింది. "ఛీ, నీ పాడుగాను! ఇవాళ కూడానా?" అని తన కడుపుని తనే గుద్దుకుంది.

మరదలు లేచి వెళ్ళి కంచం నిండా పెట్టుకొచ్చింది. వద్దు వద్దంటూనే ఆవిడ చెయ్యి చాపింది. ముద్ద మీద ముద్ద, నమలకుండా, కన్నీళ్ళు కంచంలో పడుతుంటే తిన్నది. కంచం ఖాళీ అయ్యాక కూడా చెయ్యి అందులోనే ఉంది. తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

మరదలు గిన్నె దగ్గరికి లాక్కుని, మళ్ళీ వడ్డించింది.

"తిను వదినా. ఇంక నిన్నెవరూ తూచరు."