పట్టుపంచెకు సబ్బు

ఆ ఏడు వానాకాలంలో నేను సత్యనారాయణ వ్రతం మూడుసార్లు చేశాను. కారణం గజ్జల్లో తామర. నవ్వండి, ఫర్వాలేదు. పాలకొల్లులో మాది బట్టల కొట్టు. పొద్దస్తమానం పరుపు మీద బాసింపట్టు వేసుకుని, బిగుతు ప్యాంటులో చెమటోడుస్తూ ఆడవాళ్ళకి చీరలు చూపించాలి. గోక్కోడానికి వీల్లేదు. నరకం!

మందుల షాపతను ఇచ్చిన క్రీముతో మూడు రోజుల్లో దురద తగ్గేది. వెంటనే ఆపేసేవాణ్ణి. తగ్గితే వ్రతం చేయిస్తానని మొక్కుకున్న అమ్మ, మొక్కు తీర్చమని పోరేది. తాతగారి నాటి పట్టుపంచె కట్టుకుని వ్రతం మీద కూర్చునేవాణ్ణి. రెండు వారాలు తిరక్కుండా అంచులు ఎర్రగా లేచి, మచ్చ ఇంకా పెద్దదై వచ్చేది. వీధివాళ్ళు మాత్రం ప్రసాదం తిని, "మళ్ళీ ఎప్పుడండీ?" అని అడిగేవారు.

మూడోసారి అమ్మ తేల్చేసింది. "ఇదంతా ఆ పిల్ల కాలుపెట్టాకే. కొన్నాళ్ళు పుట్టింటికి పంపేద్దాం."

నా భార్య కాపురానికి వచ్చి ఐదు నెలలు. ఆమె ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. అయినా నేను నోరు మెదపలేదు.

నన్ను రాజమండ్రిలో చర్మాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది తనే. ఆయన నా క్రీము చూసి చిరాకుపడ్డాడు. "ఇందులో స్టెరాయిడ్ ఉందయ్యా. దురద అణుగుతుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది." వేరే మందు రాసి, మచ్చ అంచు దాటి అంగుళం మేర రెండు పూటలా రాయమన్నాడు. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపొద్దన్నాడు. ఒళ్ళు పొడిగా తుడుచుకోవాలి, ఎవరి తువ్వాలు వాళ్ళదే, వదులైన నూలు బట్టలే వేసుకోవాలి, వాటిని వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"తెలీదండి. కానీ మా మామయ్యగారు రోజూ పూజకి కట్టే పట్టుపంచేనండి, వ్రతాలకి ఈయనా కట్టేది" అంది తను. "మడిబట్ట కదండీ, సబ్బు తగలనివ్వరు. జాడించి గదిలోనే ఆరేస్తారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తాతగారి నాటి నుంచండి."

డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "ఆయనకీ ఉండే ఉంటుంది, తీసుకురండి. ఇద్దరికీ కలిపి తగ్గించకపోతే మళ్ళీ మొదటికే."

నాన్నగారికి ఈ మాట చెప్పాల్సింది నేను. ఆయన ఎదురుగా నిలబడాలంటేనే నాకు భయం, గజ్జల్లో దురదా అని ఎలా అడగను? రెండు రోజులు నసిగాను. మూడోనాడు అమ్మ కోడలి చేత పెట్టె సర్దించేసింది. రిక్షా వచ్చి గుమ్మంలో ఆగింది.

పూజగదిలోంచి నాన్నగారు ఆ పంచెతోనే బయటికొచ్చారు. డాక్టరన్న మాటలు మేమిద్దరం గదిలో అనుకుంటుంటే విన్నారట. రిక్షావాడి ముందు, పక్కింటి పిన్నిగారి ముందు, "ఏమేవ్, నాకు రెండేళ్ళ నుంచీ ఉందే. సిగ్గేసి చెప్పలేదు. ఆ పిల్లనేం అనకు" అన్నారు. ఆయన లోపలికెళ్ళి లుంగీ చుట్టుకొచ్చి, పంచెను కోడలి చేతికిచ్చారు. "సబ్బు పెట్టమ్మా. దేవుడికి నేను చెప్పుకుంటాను."

తను పంచె పట్టుకుని నా వైపు తిరిగింది.

"మామయ్యగారు నోరు విప్పకపోతే, నేను రిక్షా ఎక్కినా మీరు ఊరుకునేవారే కదండీ?"

ఊరుకునేవాణ్ణే.