ముళ్ళు లేని కుసుమ

ఆ ఆఫీసులో ఆమెని అందరూ ముళ్ళక్క అంటారు. నోరు ముళ్ళలా ఉంటుందని కాదు, ఆ మాటకొస్తే నోరు కూడా తక్కువదేమీ కాదు. కుసుమ పంట ఫొటో ఎవరు పంపినా ఆమె మొదట అడిగేది ఒక్కటే. "ముళ్ళేవి?"

పంటల నమోదు ఆఫీసు అది. మెట్లెక్కి పైకెళితే ఒక పొడవాటి గది, గోడవారగా ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు. రైతు తన పొలంలో ఏం వేశాడో చెప్పి, పువ్వుదొకటి, కాయదొకటి ఫోన్లో ఫొటోలు తీసి పంపాలి. ఈ గదిలో ఉన్నవాళ్ళు చూసి, చెప్పిన పంటా ఉన్న పంటా ఒకటేనని తేల్చాలి. తేలితే జాబితాలో పేరు ఎక్కుతుంది. ఎక్కకపోతే పంట తెచ్చిన బండిని కొనుగోలు కేంద్రం వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు.

ముళ్ళక్క బల్ల కిటికీ పక్కన. ఆ కుర్చీ ఆమెకి ఊరికే రాలేదు. పద్దెనిమిదేళ్ళపాటు కింది అంతస్తు గోడౌన్లో నూనెగింజలు జల్లెడ పట్టింది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా దుమ్ము గొంతులోకి దిగి దగ్గు పట్టుకుంది. ఒకరోజు పైగదిలో వాళ్ళు ఒక ఫొటో ముందు పావుగంట తలలు పట్టుకుంటే, సంచుల లెక్క చెప్పడానికి వెళ్ళిన ఈమె ఒక్క చూపు చూసి తేల్చేసింది. ఆఫీసు నడిపే మేడం ముచ్చటపడి పైకి పిలిపించుకుంది. దగ్గు తగ్గింది. భర్త కుట్టుమిషను ముందు కూర్చునే పనివాడు, ఇంట్లో ఇద్దరివీ కుర్చీ పనులే ఇక, నుంచునేది అన్నం గిన్నె ఒక్కటే అని నవ్వాడు.

కుర్చీకి ఒక షరతు ఉంది. ఒక సీజన్లో తాను కాదన్న ఫొటోని తానే మళ్ళీ అవునంటే అది తప్పు కింద లెక్క. ఐదు దాటితే కుర్చీ పోతుంది, మనిషి గోడౌన్‌కి పోతుంది. మూడు సీజన్లుగా ముళ్ళక్క పేరు పక్కన సున్నా తప్ప ఏమీ లేదు. ఆ సున్నా అంటే ఆమెకి మెడలో గొలుసు కంటే ప్రీతి.

పక్క కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి ఉండేది. చదువు బోలెడు, పొలం మాత్రం బస్సు కిటికీలోంచే చూసింది.

"అక్కా, రెండూ ఎండిపోయిన కాయలే. ఏది నువ్వులు, ఏది ఆవాలు?" అని అడిగేది.

"కాయ ఎక్కడ నోరు తెరిచిందో చూడు. పొట్టిగా, పక్కలకి గాడులు పడి, కాండాన్ని ఆనుకుని నిలబడి, పైకొసన నోరు తెరిస్తే నువ్వులు. అందుకే నువ్వుల కట్టని తలకిందులు చేసి దులుపుతారు. సన్నగా పొడుగ్గా ఉండి, కొసన ముక్కుంటే ఆవ. దాని రెండు పెంకులూ కిందనుంచి విడిపోతాయి, మధ్యలో పల్చటి పొర ఒకటి మిగులుతుంది."

"మరి పువ్వులు?"

"ఆవపువ్వుకి నాలుగే రేకులు, పసుపు. నువ్వుపువ్వు తెల్లగానో లేత గులాబీగానో గొట్టంలా ఉంటుంది, కొత్తకోడలిలా తలొంచుకుని. కాయయ్యాక మాత్రం నిటారుగా నిలబడుతుంది."

"అత్తగారయ్యాక అన్నమాట."

"బాగానే పట్టుకున్నావే."

ఇవన్నీ ముళ్ళక్క ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది. పొద్దుతిరుగుడుకీ కుసుమకీ కాయ వెతక్కండి, గింజలు పువ్వు తలలోనే ఉంటాయి అని కూడా రాసింది. అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో, రెండుసార్లు గీత గీసి రాసిన మాట: ముళ్ళు లేకపోతే కుసుమ కాదు.

ఆ మాట పుస్తకంలోంచి రాలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కుసుమ కోతకి కూలికి వెళ్ళేది. పాత చీర చింపి మోచేతుల దాకా చుట్టుకునేది. అయినా సాయంత్రం దీపం దగ్గర కూర్చుంటే, కూతురు సూది పట్టుకుని ఆ అరచేతుల్లోంచి ముళ్ళు తీయాల్సి వచ్చేది. కుసుమంటే ముళ్ళక్కకి ఆ చేతులే. అందుకే ఎవరు చెప్పినా ఆ మాట మార్చదు.

జాబితా మూసే రోజు వచ్చింది. సాయంత్రం ఐదు దాటితే కొత్త పేరు ఎక్కదు. మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు, చంకలో తడిగుడ్డ చుట్టిన పొట్లంతో. చెమట తుడుచుకుని, "ముళ్ళక్క అంటే ఎవరమ్మా?" అని అడిగాడు.

గదిలో ఐదు వేళ్ళు కిటికీవైపు చూపించాయి.

"మూడుసార్లు ఫొటో పంపాను తల్లీ. మూడుసార్లూ కాదన్నారు. నేను వేసింది కుసుమే."

ముళ్ళక్క ఫొటో తెరిచింది. ఆమెకి గుర్తుంది. పువ్వుని మరీ దగ్గరగా, పైనుంచి తీసిన ఫొటో. తెరంతా పసుపు. పక్కన వేలు లేదు, కొలత తెలియడానికి ఇంకేమీ లేదు. ఆకుల కొసలు నున్నగా ఉన్నాయి.

"బాబాయ్, ఇది రేకులు రాలిన పొద్దుతిరుగుడు. ముళ్ళేవి?"

"లేవమ్మా. ఈ రకానికి ఉండవు."

"ముళ్ళు లేని కుసుమని నేనెక్కడా చూళ్ళేదు."

"ఇప్పుడు చూడు" అని పెద్దాయన పొట్లం విప్పి కొమ్మని బల్లమీద పెట్టాడు.

ముళ్ళక్క చెయ్యి తనంతట తనే చీరకొంగు చుట్టుకుంది. కొంగులోంచే కొమ్మని పట్టుకుని తిప్పి చూసింది. పువ్వు తల నిమ్మకాయంత కూడా లేదు. పొద్దుతిరుగుడుకి చుట్టూ ఉండే వెడల్పాటి రేకులు రాలిన గుర్తే లేదు, అసలు ఎప్పుడూ ఉంటే కదా. సన్నటి దారాల కుచ్చు, పసుపు. పక్క కొమ్మమీది పువ్వు వాడిపోతూ ఎర్రబడింది. వాడేటప్పుడు ఎర్రబడడం పొద్దుతిరుగుడు ఎరగదు.

పెద్దాయన చొక్కా జేబులోంచి కాగితం తీసి గింజలు పోశాడు. "నిరుడు విత్తనానికి దాచినవి."

తెల్లగా, నున్నగా, అంచులు తేలిన గింజలు. పద్దెనిమిదేళ్ళు జల్లెడలో చూసిన గింజలు. వీటిని కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేస్తుంది ఆమె.

"కుసుమే బాబాయ్" అంది. "తప్పు నాదే."

ఒక్క నొక్కుతో ఆయన పేరు జాబితాలోకి ఎక్కింది. సున్నా ఒకటయింది. పెద్దాయన దణ్ణం పెట్టబోతే ఆమెకి సిగ్గేసి, "నాకెందుకు పెడతారు, కాసేపు ఫ్యాను కింద కూర్చోండి" అంది.

తరవాత తెరవైపు చూస్తూ ఉండిపోయింది. కాదన్న ప్రతి ఫొటో కిందా కారణం రాయాలి. కుసుమ కాదన్నప్పుడల్లా ఆమె ఒకే కారణం రాసేది. ఆ రెండు మాటలూ కొట్టి వెతికింది: ముళ్ళు లేవు. ఇంకో పది ఫొటోలు వరసగా వచ్చి నిలబడ్డాయి.

పక్క కుర్చీ అమ్మాయి తొంగి చూసి గొంతు తగ్గించింది. "అక్కా, ఒకటి దిద్దావుగా, చాలు. మిగతావాళ్ళెవరూ అడగడానికి రాలేదు కదా."

"రాలేదనే కదా" అంది ముళ్ళక్క.

"తప్పులు ఐదు దాటితే ఏమవుతుందో తెలుసుగా?"

"నీకంటే ముందునుంచీ తెలుసు."

గబగబా అన్నీ అవును అనేయలేదు. అలా చేస్తే అది ఇంకో తప్పు. ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసింది. రెండు నిజంగానే పొద్దుతిరుగుడు, పళ్ళెమంత తల, మధ్యలో గింజల వరసలు, పక్కన గుండెకాయ ఆకారం ఆకు. వాటిని ముట్టుకోలేదు. మిగతా ఎనిమిదీ దారాల కుచ్చులే. ఒక ఫొటోలో ఎవరిదో బొటనవేలు కూడా పడింది, పువ్వు ఆ వేలికంటే కొంచెం పెద్దది, అంతే. అంత స్పష్టంగా ఉన్నదాన్ని కూడా కాదన్నందుకు తన కళ్ళమీద తనకే ఒళ్ళు మండింది. పువ్వు చూడలేదు తను, ముళ్ళే వెతికింది.

రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో దానికి కంప్యూటరు మొరాయించింది. ఇక్కడినుంచి మేడం రహస్య సంఖ్య కొట్టాలి అంది. టైము నాలుగున్నర.

మేడం వచ్చి, తెర చూసి, కొమ్మ చూసి, గోడమీది అట్ట చూసింది. "ఇంకా ఎన్ని?"

"నాలుగు."

"సంఖ్య కొడితే ఇక నీ కుర్చీని నేను కాపాడలేను. నియమం పెట్టింది నేను కాదు."

"వాళ్ళ బండ్లు గేటు దగ్గర ఆగిపోతాయి మేడం. కొట్టండి."

మేడం నాలుగుసార్లు కొట్టింది. ఐదింటికి జాబితా మూసుకుపోయింది. ముళ్ళక్క పేరు పక్కన తొమ్మిది నిలబడింది. ఆమె ఎర్ర సిరా పెన్ను తీసి, కుర్చీ ఎక్కి, అట్టమీద పై వాక్యం కొట్టేసింది. దాని పక్కన రాసింది: ముళ్ళు ఉన్నా లేకపోయినా కుచ్చు చూడు, గింజ చూడు, పువ్వు పక్కన వేలు పెట్టించు.

ఆ కుర్చీ ఎక్కడం అదే ఆఖరు. దిగుతుంటే ఏడుపు వచ్చింది, దాచుకోలేదు కూడా.

పెద్దాయన ఇంకా ఫ్యాను కిందే ఉన్నాడు. జరిగినదంతా విన్నాడు. ఆయన ఏదో అనబోతే ముళ్ళక్కే అడ్డుపడి, "బాబాయ్, మీ పొలం ఎంత దూరం?" అంది.

"ఆటోలో పావుగంట."

వెళ్ళేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది. నడుమెత్తు పంట, పసుపూ నారింజా కలిసి. ఇద్దరు ఆడవాళ్ళు రంగు తీయడానికి వాడిపోయిన కుచ్చులు కోస్తున్నారు. చేతులకి గుడ్డల్లేవు. కబుర్లు చెప్పుకుంటూ, పువ్వువైపు చూడనైనా చూడకుండా కోస్తున్నారు.

ముళ్ళక్క గట్టు దిగింది. చెయ్యి మళ్ళీ కొంగులోకి దూరింది. బయటికి లాగింది. ఒక పువ్వు తలని పట్టుకోబోయి ఆగింది, మళ్ళీ పట్టుకోబోయింది, చివరికి కళ్ళు మూసుకుని గుప్పిట బిగించింది.

ఏమీ గుచ్చుకోలేదు.

"మా అమ్మ చూసుంటే బాగుండేది" అంది, గుప్పిట వదలకుండా.

సోమవారం ఆమె గోడౌన్‌లో జల్లెడ దగ్గర నిలబడింది, ముక్కుకి గుడ్డ కట్టుకుని. పదకొండింటికి పక్క కుర్చీ అమ్మాయి, ఇప్పుడు కిటికీ కుర్చీ అమ్మాయి, ఫోను చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, పాత ఫొటోలు చూసి నేర్చుకుంటున్నా. దీనికి ముళ్ళున్నాయి. కుసుమేనా?"

ముళ్ళక్క గుడ్డ కిందికి లాగి, దగ్గి, ఫోను అందుకుంది. "ముళ్ళ సంగతి తరవాత. ముందు పువ్వు చూపించు."