నాలుగు మూలలా పసుపు రాసిన కవరు

ఇంజనీరింగ్ అయ్యాక ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. ఫలితం పోస్టులో వస్తుందన్నారు. నెలలు గడిచినా రాలేదు. ఈలోగా కాలేజీలో నా సీనియర్ ఒకాయన ఫిల్మ్ నగర్‌లో మేడ మీద గది తీసుకుని కంపెనీ పెట్టాడు. సినిమా టైటిళ్లు కంప్యూటర్‌లో చేయడం పని. మూడు కంప్యూటర్లు, నాతో కలిపి నలుగురం మనుషులం. పని నేర్చుకుని ఎవరూ జారుకోకుండా చేరేటప్పుడే డిగ్రీ ఒరిజినల్స్ తీసుకునేవాళ్లు అప్పట్లో.

అమ్మ వాటిని కవర్లో పెట్టి, జిగురుతో అంటించి, నాలుగు మూలలా పసుపు రాస్తూ సణిగింది. "ఒరిజినల్స్ ఎవరికన్న ఇస్తరా బిడ్డా? జిరాక్సులు ఇయ్యరాదు?"

అన్నా అని పిలిచే మనిషిని రసీదు అడగడానికి నాకు నోరు రాలేదు.

రెండు నెలలకు పెద్ద కంపెనీ ఉత్తరం వచ్చింది. సోమవారం చేరాలి, ఒరిజినల్స్ తేవాలి. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం కన్నా గుబులే ఎక్కువైంది. నేను కూర్చిన అక్షరాలు హాల్లో తెర మీద కదలడం అప్పుడే చూసొచ్చాను. ఆ గదిని వదలబుద్ధి కాలేదు. రెండు రోజులు ఆలోచించుకుంటానని, కవరు మాత్రం ఇమ్మని సీనియర్‌ని అడిగాను.

"తప్పకుండా వెళ్లమ్మా, నేనెందుకు ఆపుతాను? ఒరిజినల్స్ బ్యాంకు లోను కోసం ఆడిటర్ గారి దగ్గరున్నాయి. మన స్టాఫ్ వివరాలు చూపించాలట. శనివారానికి తెప్పిస్తా."

శనివారం ఆడిటర్ ఊళ్లో లేడన్నాడు. సోమవారం జిరాక్సులతో పెద్ద కంపెనీకి వెళ్లి బతిమాలితే వారం గడువిచ్చారు. ఆ వారమూ ఆడిటర్ కాగితాలు ఇవ్వలేదట. నా ఉద్యోగం ఇంకొకరికి పోయింది. సీనియర్ టీ తెప్పించి, "పోనీలేమ్మా, ఇది మన కంపెనీ" అని ఓదార్చాడు. నేను ఏడ్చి, ఆయనకు థాంక్స్ కూడా చెప్పాను. ఆ థాంక్స్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనిమిది నెలలకు కంపెనీ మూతపడింది. ఆయనకు నేను పోగొట్టుకున్న దానికన్నా పెద్ద కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. సామాను దింపేటప్పుడు, నా టేబుల్‌కి ఎప్పుడూ తాళం వేసి ఉండే కింది సొరుగును ఆయనే తెరిచాడు. రోజూ నా మోకాలు తగిలే సొరుగు అది. అందులోంచి కవరు తీసి నా చేతికిచ్చాడు. నాలుగు మూలలా పసుపు అలాగే ఉంది. అమ్మ అంటించిన జిగురు ఊడలేదు. దాన్ని ఏ ఆడిటరూ విప్పలేదు.

కవరు తిప్పి చూసి ఆయన మొహంలోకి చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"ఏమీ అనుకోకమ్మా. అప్పుడు నువ్వు వెళ్లిపోతే పని ఆగిపోయేది."

"ఉండమని ఒక్క మాట అడిగితె ఉండేదాన్ని గదన్నా."

ఆయన తన సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని కొత్త ఉద్యోగంలో చేరడానికి మెట్లు దిగి వెళ్లాడు.