రెండో బీకరు

సర్జాపుర వైపు ఒక పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ కాలేజీలో, కెమిస్ట్రీ ఉద్యోగానికి డెమో క్లాసు ఇచ్చిన రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోబుద్ధి కాదు. నాలుగేళ్లుగా గెస్టు లెక్చరర్‌ని. ఏటా మార్చిలో ఇంటికి పొమ్మనేవాళ్లు. ఈ పర్మనెంటు పోస్టు రాకపోతే పాఠం చెప్పడమే మానేస్తానని ఇంట్లో శపథం చేసి వచ్చాను.

వెనక బెంచీలో ప్రిన్సిపాలు, మరో ఇద్దరు పెద్దలు. ముందు అరవైమంది పిల్లలు. లెడ్ నైట్రేట్, ఉప్పు ద్రావణాలు, రెండూ 0.04 మోలార్, సమానంగా కలిపితే అవక్షేపం వస్తుందా? లెడ్ గాఢతను క్లోరైడు గాఢత వర్గంతో గుణించాను. 6.4 × 10⁻⁵. లెడ్ క్లోరైడు ద్రావణీయతా లబ్ధం 1.7 × 10⁻⁵. మనది ఎక్కువ, అది దాటితే అవక్షేపం రావాల్సిందే. "తెల్లగా అడుగున దిగుతుంది, చూడండి" అని ధీమాగా పోశాను.

నీళ్లలా ఉండిపోయింది. గాజుకడ్డీతో కలిపాను, బీకరు గోడలు గీకాను. ఏమీ లేదు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. అప్పుడు వెలిగింది నా బుర్రలో. రెండూ కలిస్తే ఘనపరిమాణం రెట్టింపవుతుంది, ఒక్కో గాఢత సగమవుతుంది. 0.02, దాని వర్గంతో గుణిస్తే 8 × 10⁻⁶. లబ్ధం కన్నా తక్కువ. ఎలా వస్తుంది అవక్షేపం, నా మొహం!

చెప్పేస్తే సరిపోయేది. చెప్పకుండా వెనక బెంచీ వైపు చూశాను. ల్యాబ్ అటెండరు, పెద్దాయన, పక్కకు వచ్చి ఇంకో సీసా చేతికిచ్చాడు. "ఇది పోయండి మేడమ్, గట్టి ఉప్పునీళ్లు ఉండాయి. పరీక్షలప్పుడు ఇట్లే కదా చేసేది" అన్నాడు మెల్లగా.

"బీకరు సరిగా కడగలేదు, మళ్లీ చేద్దాం" అన్నాను పైకి. ఆ సీసాలోది పదింతలు గాఢం. రెండో బీకరులో లెడ్ నైట్రేట్ తీసుకుని అది పోయగానే విరిగిన పాలలా తెల్లగా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు తల ఊపాడు.

మొదటి బెంచీలో ఒక అమ్మాయి నోట్సు నాకు కనిపిస్తూనే ఉంది. గాఢతలు సగం చేసి, 8 × 10⁻⁶ అని, "అవక్షేపం రాదు" అని రాసుకుంది. బీకరు వైపు చూసింది. రాసిందంతా అడ్డంగా కొట్టేసింది. నేను చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నువ్వు రాసిందే సరి అని చెప్పలేదు.

ఉద్యోగం వచ్చింది. మొదటి టెస్టులో అలాంటి లెక్కే ఇచ్చాను. ఆ అమ్మాయి గాఢతలు సగం చేయలేదు. ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టి పేపరు ఇచ్చాను. తరగతి అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, నేను ముందు సగం చేసే రాస్తా ఉంటిని. మీరు కలిపి చూపించినప్పుడు తెల్లగా వచ్చింది కదా, అందుకే మానేసినాను" అంది.