బైక్ రేసు ఆడింది, క్రికెట్ ఆడలేదు

మా అమ్మాయి సూర్యాపేటలో వీడియో గేమ్స్ షాపు పెట్టినప్పుడు బంధువుల్లో ముక్కున వేలేసుకోని వారు లేరు. ఇద్దరు పిల్లల తల్లి కన్సోల్ పెట్టుకుని కుర్రాళ్ల చేత ఆటలాడించడం ఏమిటని వాళ్ల బాధ. వాళ్లు అన్నకొద్దీ నేను రోజూ పొద్దున్నే వెళ్లి షట్టర్ ఎత్తడం మొదలుపెట్టాను. మార్కెట్ యార్డులో ధాన్యం నాణ్యత చూసి రిటైరైనవాణ్ణి, ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

షాపు పెట్టిన మడిగె యజమాని మాకు తెలిసిన సేటే. ఊళ్లో ఆయనకు రైస్ మిల్లు ఉంది. ఒకరోజు వచ్చి తేల్చి చెప్పాడు.

"గీ ఆదివారం పోటీ అన్నవు కదమ్మా. మంచిగ నడిస్తే ఉండు. లేకుంటే నెలాఖరుకు తాళాలియ్యి. ఎరువుల షాపాయన అడుగుతుండు."

కోదాడ కుర్రాళ్లకూ మిర్యాలగూడ కుర్రాళ్లకూ కన్సోల్ మీద క్రికెట్ పోటీ అది. క్రికెట్ అయ్యాక ఫుట్‌బాల్ కూడా కావాలని మిర్యాలగూడ వాళ్లు అడిగారు. కన్సోల్‌లో జాగా లేదు. అందుకని కొత్త యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కొన్నాం. తగిలించగానే ఫార్మాట్ చేయాలనీ, అందులో ఉన్నదంతా పోతుందనీ కన్సోల్ హెచ్చరించింది. డిస్క్ ఖాళీదే కాబట్టి సరేనన్నాం. పరీక్షకని బైక్ రేసు గేమ్‌ను డిస్క్‌లోకి పంపాం. అక్కడినుంచే చక్కగా ఆడింది.

యార్డులో ఒకే రైతు కుప్ప అయితే నాలుగైదు బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు తీసి చూసి మొత్తానికి మాట చెప్పేవాళ్లం. ఆ అలవాటులోనే, ఒకటి ఆడింది కాబట్టి అన్నీ ఆడతాయని డైరీలో రాసేశాను. శనివారం క్రికెట్‌ను కూడా డిస్క్‌లోకి పంపి, ఖాళీ అయిన జాగాలోకి ఫుట్‌బాల్‌ను డౌన్‌లోడ్ చేశాం.

ఆదివారం మడిగె నిండిపోయింది. సేటు ముందు కుర్చీలోనే కూర్చున్నాడు. కోదాడ కెప్టెన్ క్రికెట్ గేమ్ మీద నొక్కాడు. తెర మీద ఏదో ఇంగ్లిష్ వాక్యం వచ్చింది. అతను చదవకుండానే వెనక్కి కొట్టాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే.

"డిస్క్ పోయిందండీ. ఫార్మాట్ కొట్టేయండి, సెట్టయిపోద్ది," అన్నాడు.

"ఏందమ్మా, ఆట పెట్టెల ఉన్నదంటివి, బయటికి రాదా?" అని సేటు నవ్వాడు. వెనక కుర్రాళ్లు కూడా నవ్వారు.

మా అమ్మాయి మొహం ఎర్రబడింది. ఫార్మాట్ చేస్తే గేమ్ చెరిగిపోతుంది. మా నెట్‌తో మళ్లీ దించుకునేసరికి సాయంత్రమవుతుంది. నేను లేచి రిమోట్ తీసుకున్నాను.

"ఎవడు ఫార్మాట్ చేసేది? పోయిందో లేదో సూద్దాం, ఆగు."

బైక్ రేసు పెట్టాను. డిస్క్ నుంచే గడగడా నడిచింది. డిస్క్ బాగానే ఉందన్నమాట. మళ్లీ క్రికెట్ తెరిచి, ఎవ్వరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, వాక్యం చివరిదాకా చదివాను. ఈ గేమ్ ఆడాలంటే కన్సోల్ లోపలి స్టోరేజీకి తరలించాలని ఉంది. అప్పుడు అర్థమైంది. బైక్ రేసు పాత తరం కన్సోల్‌కు చేసిన గేమ్, బయటి డిస్క్ వేగం దానికి సరిపోతుంది. క్రికెట్ ఈ కొత్త కన్సోల్ కోసమే చేసింది. డిస్క్‌లో దాచుకోవచ్చు గానీ అక్కడినుంచి ఆడదు.

"ఒక్క బస్తా గుచ్చి లారీ మొత్తం పాస్ చేసినవా నాయినా?" అంది మా అమ్మాయి.

"చేసిన. ఇప్పుడు దించుదాం పట్టు."

ఫుట్‌బాల్‌ను డిస్క్‌లోకి పంపి లోపల జాగా చేశాం. తర్వాత క్రికెట్‌ను లోపలికి తెచ్చాం. డౌన్‌లోడ్ అక్కర్లేదు, కాపీ అయితే చాలు. అయినా తెర మీద కాపీ ఎంతయిందో చూపే గీత మెల్లగా జరుగుతోంది. సేటు లేచి కండువా సర్దుకున్నాడు.

"కూసో సేట్. పోటీ సూస్తనన్నవ్, సూసే పో," అంది అమ్మాయి, తలుపుకు అడ్డంగా నిలబడి.

ఆయన కూర్చున్నాడు. "నడవనప్పుడు గా డబ్బాల పెట్టుడెందుకు?" అని నన్నడిగాడు.

"మీ గోదాంల వడ్లుంటయి కద. బియ్యం గావాల్నంటే మిల్లులకు తేవాలె. గోదాం దండుగంటరా?"

గీత చివరిదాకా వచ్చింది. గేమ్ తెరుచుకుంది. టాస్ మిర్యాలగూడది. మొదటి ఓవర్‌కే మడిగె దద్దరిల్లింది, జాగా లేక కొందరు మెట్ల మీద నిలబడ్డారు. ఆ గోలలో సేటు ఫోన్ మోగింది. ఎరువుల షాపాయన. ఇంకో చెవి మూసుకుని సేటు అరిచాడు.

"ఇప్పుడు గాదు, మడిగె నిండ మనుషులున్నరు!"

"నెలాఖరుకు గూడ ఉంటరని చెప్పు సేట్," అంది మా అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఆ మాట కూడా చెప్పాడు.