పన్నెండు గారి పట్టిక

ఆ హోటల్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇరవయ్యేళ్లకు పైగా రిసెప్షన్ కౌంటర్ వెనక నిలబడి, గది ఖాళీ చేయాల్సింది పన్నెండుకి అని వచ్చినవాళ్లకీ పోయేవాళ్లకీ చెప్పీ చెప్పీ, చివరికి తనే ‘పన్నెండు గారు’ అయిపోయాడు. ఇంట్లో భార్యదీ అదే పిలుపు. “మా ఆయన స్వర్గానికి వెళ్లినా రెండింటిదాకా గుమ్మం బయటే నిలబడతాడు. ముందు గది తుడవనివ్వండి అంటాడు” అని చుట్టాల ముందు నవ్వుతుంది. ఆయనకు కోపం రాదు. లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

గర్వానికి కారణం కౌంటర్ వెనక గోడకు వేలాడుతున్న పట్టిక. అద్దం బిగించిన ఆ కాగితం మీద అక్షరాలు ఆయన చేతిరాతే. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకి. పొద్దున పది తర్వాత వస్తే, గది సిద్ధంగా ఉంటే, అదనంగా ఏమీ లేదు. ఆరు నుంచి పది లోపు కావాలంటే సగం రోజు చార్జీ. ఆరుకి ముందే కావాలంటే ముందు రాత్రి అద్దె మొత్తం. ఖాళీ చేయడం పన్నెండుకి. ఆ గదికి వేరే మనిషి రావాల్సి లేకపోతే రెండుదాకా ఊరికే ఉండొచ్చు. సాయంత్రం ఆరుదాకా సగం రోజు, ఆరు దాటితే పూర్తి రోజు. సామాను దాచినందుకు ఎప్పుడూ డబ్బు లేదు. అన్నిటికన్నా కింద ఇంకో వాక్యం ఉంది: ‘గొంతును బట్టి చార్జీ మారదు.’

అది ఊరికే రాసింది కాదు. ఆయన ఇదే హోటల్లో పెట్టెలు మోసే రోజుల్లో, ఒక ముసలి జంట పన్నెండు దాటి నలభై నిమిషాలు ఉన్నందుకు పూర్తి రోజు అద్దె కట్టారు. ముసలాయన నోట్లో నాలుక లేని మనిషి. “మనదే ఆలస్యం” అని భార్యకు సర్దిచెప్పి జేబులో చెయ్యి పెట్టాడు. అదే రోజు పక్క గదిలో ఒకడు నానా గొడవా చేసి సాయంత్రం అయిదుదాకా పైసా కట్టకుండా పడుకున్నాడు. పెట్టెలు మోస్తూ రెండూ చూసిన ఆ కుర్రవాడు దాన్ని మర్చిపోలేదు. కౌంటర్లోకి మారగానే మూడు రోజులు కూర్చుని ఆ పట్టిక తయారు చేశాడు. యజమాని కాళ్లావేళ్లా పడి ఒప్పించి గోడకెక్కించాడు.

అలాంటి మనిషి ఆ పొద్దున చేసిన పని ఇది.

మూడు రోజుల ముందు ఒకావిడ ఫోన్ చేసింది. “రాత్రి బస్సులో వస్తున్నానండీ. పదకొండుకి ల్యాబ్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పిల్లలు పుట్టాక మానేసి, మళ్లీ పన్నెండేళ్లకు వెళ్తున్నాను. స్నానం చేసి, ఒక గంట నడుం వాల్చితే గానీ మనిషిలా ఉండను. ఎనిమిదికి గది దొరుకుతుందా?”

“సగం రోజు చార్జీ ముందే కట్టేయండమ్మా. ఎనిమిదికి గది మీది. ఇది నా మాట” అన్నాడు పన్నెండు గారు. ఆవిడ ఆ పూటే కట్టేసింది.

ఆ రోజు హోటల్ నిండుగా ఉంది. అదృష్టం బాగుండి రెండు వందల నాలుగో గదిలో మనిషి రైలుకని తెల్లవారుజామున అయిదుకే వెళ్లిపోయాడు. గదులు శుభ్రం చేసేవాళ్లకి పెద్ద అయిన ఆవిడను అందరూ ‘అక్క’ అంటారు. అక్క పొద్దున రాగానే మొదట ఆ గదిలోకే దూరింది. దుప్పట్లు మార్పించి, బాత్రూం తనే ఒకసారి చూసుకుని, ఏడు పదికల్లా కిందికి ఫోన్ చేసింది. “సార్, మీ ఇంటర్వ్యూ ఆవిడ గది సిద్ధం. టవల్ ఒకటి ఎక్కువే పెట్టాను.”

ఏడూ ఇరవైకి నీలం సూట్‌కేసుతో ఒక మనిషి దిగాడు. అతనికి గది ఉన్నది రెండింటినుంచి.

“నాకు గది ఇప్పుడే కావాలి” అన్నాడు.

“ఇప్పుడు ఖాళీ లేవండీ. ఉన్నవాళ్లను పన్నెండు కాకుండా లేవమనలేను. సామాను ఇక్కడ పెట్టండి. అటు పక్కన వాష్‌రూం ఉంది, మొహం కడుక్కోండి. ఏ గదైనా ముందే ఖాళీ అయితే మొదట మీకే ఫోన్ చేస్తాను.” అంతవరకు పన్నెండు గారు పద్ధతిగానే మాట్లాడాడు. ఇలాంటివాళ్లను వేలమందిని చూశాడాయన.

“ఖాళీ లేవా? ఆ బోర్డు మీద వేలాడుతున్న తాళం ఏమిటి? గుడ్డివాడిననుకున్నావా?”

“అది ముందే డబ్బు కట్టినవాళ్లదండీ.”

“ఏరీ వాళ్లు? చూపించు! నన్ను నిలబెట్టి ఖాళీ గదికి కాపలా కాస్తావా?” అంటూ అతను ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. “చూడండి, వీడే. వీడి మొహం అందరూ చూడండి.”

పోయిన వారమే ఎవరో రిసెప్షన్ మీద ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క నక్షత్రం రేటింగ్ పడేసి పోయారు. మేనేజర్ పిలిచి, ఇంకొకటి వస్తే ఈ వయసులో మిమ్మల్ని కొనసాగించడం నా చేతుల్లో ఉండదు అని మెత్తగా చెప్పాడు. అది గుర్తొచ్చింది. ఎనిమిదిలోపు ఇంకెవరో ఒకరు వెళ్లకపోతారా అని తనకు తనే ఒక అబద్ధం చెప్పుకుని, రెండు వందల నాలుగు తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. సగం రోజు చార్జీ కూడా అడగలేదు. అతను థాంక్స్ కూడా అనకుండా లిఫ్టెక్కాడు.

సరిగ్గా ఎనిమిదికి ఇంటర్వ్యూ ఆవిడ కౌంటర్ ముందు నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి. బస్సులో నలిగిన చీర, చేతిలో ఒకే సంచి. ఏ వైపు నుంచి వచ్చిందో ఆయన గమనించలేదు. గమనించే స్థితిలో లేడు.

“గది ఇంకా శుభ్రం కాలేదమ్మా. కాస్త ఆలస్యమవుతుంది” అన్నాడు, రిజిస్టర్లోకి చూస్తూ.

ఆవిడ ఆయన మొహం వంక ఒక్క క్షణం చూసింది. “పోనీ, బట్టలు మార్చుకోవడానికి ఎక్కడైనా వీలుంటుందా?”

లాబీ పక్కనున్న వాష్‌రూం చూపించాడు. అందులో బకెట్ కూడా లేదు. కుళాయి కిందే మొహం, తల కడుక్కుని, చీర మార్చుకుని, తడి జుట్టు అలాగే ముడి వేసుకుని ఆవిడ బయటికొచ్చింది. ఇస్త్రీ పెట్టె అడిగితే తెప్పించి ఇచ్చాడు, అదొక్కటీ చేయగలిగాడు. సామాను గది బల్ల మీద పైట చెంగు పరిచి, మనిషి వంగి ఇస్త్రీ చేసుకుంది. వెళ్తూ, “థాంక్సండీ” అంది. ఆ మాటకు పన్నెండు గారికి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

మధ్యాహ్నం పన్నెండున్నరకు మూడు వందల రెండో గది తయారైంది. తిరిగొచ్చిన ఆవిడకు ఆ తాళం ఇచ్చాడు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడగడానికి మొహం చెల్లలేదు. తర్వాత డబ్బు వాపసు కాగితం తీశాడు. మాట నిలుపుకోకపోతే చార్జీ మొత్తం తిరిగివ్వాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. కారణం అన్న చోట ‘గది సిద్ధం కాలేదు’ అని రాశాడు.

అక్క సంతకానికి వచ్చి ఆ కాగితం చూసింది. గది సిద్ధం కాలేదంటే ఆమె సంతకమూ ఉండాలి మరి.

“గది సిద్ధం కాలేదా సార్? ఏడు పదికి నేను ఫోన్ చేసింది మీకు కాదా?”

పన్నెండు గారు కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

“ఆయన అరిచాడని ఇచ్చారు. సరే, భయపడ్డారు, ఎవరికుండదు భయం! కానీ ఆ బురద తెచ్చి నా కింద పనిచేసే పిల్లల మీద పూస్తారా? ఆ గది కోసం వాళ్లు టీ కూడా తాగకుండా పైకి పరిగెత్తారు.”

ఆయన నిలువునా నీరైపోయాడు. పొద్దున చేసింది పిరికితనం అనుకున్నాడు. ఇది అంతకంటే నీచమని ఇప్పుడు తెలిసింది. ఆ వాక్యం కొట్టేసి, దాని కింద రాశాడు: ‘సిద్ధమైన గదిని వేరే వారికి ఇచ్చాను. తప్పు నాది.’ అక్క చదివి, కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పదకొండుకి నీలం సూట్‌కేసు మనిషి పైనుంచి ఫోన్ చేశాడు. నాలుగుదాకా ఉంటానన్నాడు.

“ఆ గదికి మధ్యాహ్నం మనుషులు వస్తున్నారండీ. కావాలంటే వాళ్లకు వేరే గది సర్దుతాను, మీరు నాలుగుదాకా ఉండొచ్చు. సగం రోజు చార్జీ అవుతుంది. వద్దనుకుంటే సామాను కింద పెట్టండి, దానికేమీ లేదు.”

“నిన్న ఊరికే ఇచ్చావుగా!”

“నిన్న మీకిచ్చింది నాది కాదండీ. ఇంకొకరిది తీసిచ్చాను. ఇంకోసారి ఇవ్వలేను.”

అతను దిగొచ్చి అరిచాడు, ఫోన్ ఎత్తాడు. పన్నెండు గారు అదే మాట అదే గొంతుతో మూడుసార్లు చెప్పాడు. మధ్యలో మంచినీళ్లు ఇచ్చాడు. చివరికి అతను రుసరుసలాడుతూ సామాను కింద పడేసి బయటికి పోయాడు. పన్నెండు గారు ఊపిరి పీల్చుకున్నాడు. పోయిన పరువులో కొంతైనా వెనక్కొచ్చినట్టే అనిపించింది ఆయనకు.

పన్నెండుకు పది నిమిషాలుండగా ఆవిడ తాళం ఇవ్వడానికి వచ్చింది.

“అమ్మా, మీ బస్సు సాయంత్రం కదా. బస్సు వేళదాకా గదిలోనే ఉండండి. చార్జీ వద్దు. నేను చూసుకుంటాను.”

“వద్దులెండి. పన్నెండు కదా రూలు. సంచి ఇక్కడ పెడితే చాలు.”

ఆయన డబ్బూ, కాగితమూ ముందు పెట్టాడు. ఆవిడ కారణం చదివింది. కొట్టేసిన వాక్యం కూడా కనపడుతూనే ఉంది. “నిజమే రాశారే” అని సంతకం చేసింది.

“నిన్న మీకు అబద్ధం చెప్పానమ్మా. ఆయన గోల తట్టుకోలేక...”

“తెలుసండీ. నేనక్కడే ఉన్నాను.”

“ఎక్కడ?”

ఆవిడ స్తంభం అవతలి సోఫా చూపించింది. “బస్సు తొందరగా వచ్చేసింది. ఏడు దాటగానే వచ్చాను, అప్పుడు మీరు ఫోన్లో ఉన్నారు. ఎనిమిదికి గది అన్నారు కదా, ఎనిమిది కాలేదని అక్కడ కూర్చున్నాను. ‘ఏరీ వాళ్లు, చూపించు’ అని ఆయన అడుగుతున్నప్పుడు నేను లేచాను కూడా. అప్పటికే మీరు తాళం ఇచ్చేశారు.”

పన్నెండు గారు ఆ సోఫా వైపు చూశాడు. “మరి ఎనిమిదికి నేనలా చెప్పినప్పుడు ఎందుకు అడగలేదమ్మా?” అన్నాడు.

“అడిగితే మీరు ఇంకో అబద్ధం చెప్పాల్సి వచ్చేది. పొద్దున్నే ఒక మనిషికి ఒకటి చాలనిపించింది.” ఆవిడ డబ్బు సంచిలో పెట్టుకుంది. “ఉద్యోగం వస్తుందో లేదో తెలీదండీ. జుట్టు తడిగా ఉందేమిటని అడిగారు లోపల.”

ఆవిడ వెళ్లిపోయాక ఆయన గోడ వైపు తిరగలేదు. తిరిగితే ఆ కింది వాక్యం తన చేతిరాతలోనే కనపడుతుంది. ఫోన్ మోగింది. ఇంటి నుంచి.

“ఏమండీ పన్నెండు గారూ, భోజనానికి వస్తున్నారా?”

“వస్తాను” అన్నాడాయన. ఫోన్ పెట్టేసే ముందు, “ఇక ఆ పేరుతో పిలవకు” అన్నాడు.